హాలుకు టైల్స్ ఎన్ని కావాలి? నేరుగా, ఐమూలగా వేసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో ఇళ్ల పనులు చూసుకుంటూ ఉంటాను కాబట్టి టైల్స్ కొనే ముందు చాలామంది ఫోన్ చేసి ఇవే ప్రశ్నలు అడుగుతారు. జవాబులన్నిటికీ ఒకే గది తీసుకున్నాను: 14 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఉన్న హాలు, 2×2 విట్రిఫైడ్ టైల్స్. మీ గది వేరే అయినా ఇదే దారిలో లెక్క వేసుకోవచ్చు.

### 14×12 హాలు అంటే 168 చదరపు అడుగులు. 2×2 టైల్ అంటే 4 చదరపు అడుగులు. 42 టైల్స్ చాలు కదా?

చాలవు. మనం 2×2 అని పిలిచే టైల్ నిజానికి రెండు అడుగులు ఉండదు. అట్టపెట్టె మీద చూడండి, 600×600 అని ఉంటుంది. అది మిల్లీమీటర్లలో, అంటే 60 సెంటీమీటర్లు. రెండు అడుగులంటే దాదాపు 61 సెంటీమీటర్లు. ఆ ఒక్క సెంటీమీటరు తేడా వల్ల ఒక టైల్ కప్పేది 4 చదరపు అడుగులు కాదు, సుమారు 3.87 మాత్రమే. నాలుగు టైల్స్ ఉండే పెట్టె 15.5 చదరపు అడుగులు కప్పుతుంది. 16 అనుకుని లెక్క వేస్తే మొదటి అడుగులోనే తప్పుతుంది.

168ని 3.87తో భాగిస్తే 43న్నర వరకూ వస్తుంది. ఇది వైశాల్యం లెక్క మాత్రమే. ఒక్క ముక్క కూడా వృథా కాకుండా టైల్స్‌ని నీళ్లలా పోసి పరచగలిగితే సరిపోయే సంఖ్య. గోడ దగ్గర కోత ఉంటుంది కాబట్టి ఏ గదిలోనూ ఇది సరిపోదు.

### గది కొలత ఎప్పుడు తీయాలి?

ప్లాస్టరింగ్ అయిపోయాక తీయాలి. ప్లాన్ కాగితంలో 14×12 అని రాసి ఉన్నా, గోడలకు పూత పడ్డాక లోపలి కొలత తగ్గుతుంది. ఆ కాస్త తేడాకే ఒక పెట్టె టైల్స్ అటో ఇటో అవుతాయని కింద చూస్తారు.

వెడల్పు రెండు చివరలా, మధ్యలో, మొత్తం మూడు చోట్ల కొలవండి. పొడవు కూడా అంతే. మూడింటిలో పెద్ద కొలత రాసుకోండి. టేపు నేలకు ఆనించి పట్టండి. నడుము ఎత్తులో కొలిస్తే గోడ పొట్ట ఉన్నచోట కొలత తప్పుతుంది. తర్వాత అడుగులు, అంగుళాలు పక్కనపెట్టి సెంటీమీటర్లలోకి మార్చుకోండి, ఎందుకంటే టైల్ భాష అదే. అడుగుకు 30.48 సెంటీమీటర్లు.

మన హాలు పూత తర్వాత సరిగ్గా 14×12 ఉందనుకుందాం. అంటే 426.7, 365.8 సెంటీమీటర్లు. టైల్‌కీ గోడకీ మధ్య అన్ని వైపులా అర సెంటీమీటరు ఖాళీ వదలాలి. ఆ ఖాళీని తర్వాత గోడ అడుగున అతికించే స్కర్టింగ్ పట్టీ కప్పేస్తుంది. కాబట్టి పరచాల్సింది 425.7, 364.8. టైల్స్ మధ్య 2 మిల్లీమీటర్ల స్పేసర్ పెడతారు కాబట్టి ఒక్కో టైల్ ఆక్రమించేది 60.2 సెంటీమీటర్లు.

### నేరుగా వేస్తే పది శాతం ఎక్కువ తీసుకుంటే సరిపోతుందని అందరూ అంటారు. నిజమేనా?

కొన్ని గదుల్లో నిజం. మన రాయలసీమ ఇళ్లలో గదులు 10, 12, 14 అని నిండు అడుగుల్లో కట్టుకుంటాం. అక్కడే చిక్కు వస్తుంది. 364.8 సెంటీమీటర్ల వెడల్పులో 60.2 చొప్పున ఆరు టైల్స్ పోతే 3.6 సెంటీమీటర్లు మిగులుతుంది. పొడవులో ఏడు పోతే 4.3 మిగులుతుంది. అంటే గోడ పొడవునా రెండు వేళ్ల వెడల్పు పట్టీ వేయాలి. ఆ పట్టీ కోసేటప్పుడే విరుగుతుంది, వేశాక కింద సిమెంటు సరిగా పట్టదు, చూపుకూ బాగుండదు.

అందుకే మంచి మేస్త్రి గది మధ్యలో గీత గీసి, రెండు వైపులా సమానమైన కోత వచ్చేలా టైల్స్ జరుపుతాడు. వెడల్పులో అయిదు నిండు టైల్స్ మధ్యలో వేసి, మిగిలిన దాన్ని రెండుగా పంచితే ఒక్కో వైపు 31.8 సెంటీమీటర్ల ముక్క పడుతుంది. పొడవులో ఆరు నిండు టైల్స్ వేస్తే ఒక్కో చివర 32.1 పడుతుంది. గది చక్కగా కనిపిస్తుంది. ఇప్పుడు లెక్క చూడండి.

31.8 అంటే టైల్‌లో సగం దాటింది. 60లోంచి 31.8 కోస్తే చేతిలో మిగిలేది 28. అది ఎదుటి గోడకు చాలదు, అక్కడా 31.8 కావాలి. కాబట్టి గోడ పక్కన పడే ప్రతి ముక్కకూ ఒక కొత్త టైల్ కోయాల్సిందే. నిండువి 30. పక్క గోడల వెంట 12 ముక్కలు, చివర్లలో 10, మూలల్లో 4. మొత్తం 56 టైల్స్.

వైశాల్యం లెక్క 43న్నర, పది శాతం కలిపితే 48, అంటే 12 పెట్టెలు. కావాల్సింది 56, అంటే 14 పెట్టెలు. మా అక్క వాళ్ల హాలు సరిగ్గా ఈ కొలతే. షాపులో పది శాతం లెక్కతో 12 పెట్టెలు ఇచ్చారు. మేమూ మారుమాట లేకుండా తెచ్చుకున్నాం. చివరి వరుసల దగ్గర ఎనిమిది టైల్స్ తక్కువ పడ్డాయి. మళ్లీ తెచ్చిన రెండు పెట్టెలు అదే డిజైన్, అదే నంబరు, కానీ వేరే బ్యాచ్. పొద్దున కిటికీలోంచి వెలుగు పడినప్పుడు ఆ వరుస కాస్త పసుపుగా కనిపిస్తుంది. అక్క ఇప్పటికీ ఆ మూలకు చాప వేసి ఉంచుతుంది. లెక్క నేనే చూసి ఉంటే బాగుండేదని ఆ ఇంటికి వెళ్లిన ప్రతిసారీ అనిపిస్తుంది. అప్పటినుంచి ప్రతి గదికీ గోడ ముక్కలు లెక్కపెట్టకుండా కొననివ్వను.

### ఆ రెండు వేళ్ల పట్టీ కనపడని వైపు పెట్టేస్తే టైల్స్ తగ్గుతాయి కదా?

తగ్గుతాయి. నిండువి 42, పట్టీల కోసం రెండు టైల్స్, మొత్తం 44తో అయిపోతుంది. ఒక టైల్‌లోంచి డజను పట్టీలు వస్తాయి కాబట్టి రెండు చాలు. ఆ గోడ వెంట కదలని బీరువానో, గోడకు బిగించిన టీవీ యూనిట్‌నో వస్తుందంటే ఇది మంచి పనే. నేల వరకే చూస్తే 12 టైల్స్, అంటే మూడు పెట్టెల డబ్బు మిగులుతుంది.

అయితే రెండు గోడల వెంటా పట్టీ పడుతుంది, ఒక గోడతో పోదు. ఆ రెండూ దాగుతాయా అని ముందే చూసుకోండి. తలుపు దగ్గర మాత్రం నిండు టైల్ రావాలి, ఎందుకంటే ఇంట్లోకి వచ్చే కాలు మొదట పడేది అక్కడే.

### ఐమూలగా వేస్తే 15 శాతం వృథా అంటారు. ఎందుకంత?

ఐమూలగా, అంటే డైమండ్ ఆకారంలో వేస్తే గోడ పక్కన పడేవన్నీ త్రికోణాలు, కొస తెగిన ముక్కలు. నిండు టైల్ ఏదీ తన అంచుతో గోడను తాకదు. పైగా టైల్‌ను మూల నుంచి మూలకు కోయాలి. కొసలు సన్నగా ఉంటాయి కాబట్టి పెచ్చులు లేచి కొన్ని పాడవుతాయి. అందుకని సగటున 15 శాతం అంటారు. సగటు మాట అది. మీ గదికి ఎంతో తెలియాలంటే టైల్ మూల నుంచి మూలకు ఉన్న దూరంతో గదిని భాగించాలి.

60.2ని 1.414తో గుణిస్తే 85.1 సెంటీమీటర్లు వస్తుంది. దీన్ని డైమండ్ కొలత అందాం. మన గది పొడవు 425.7 ÷ 85.1 = 5.00. వెడల్పు 364.8 ÷ 85.1 = 4.29.

పొడవులో సరిగ్గా అయిదు డైమండ్లు పట్టాయి. 14 అడుగుల గదికి ఇలా కలిసిరావడం అదృష్టమే. అయిదు నిండుగా పట్టడం వల్ల ఆ రెండు చివరి గోడల దగ్గర పడేవన్నీ సరిగ్గా సగం టైల్స్. ఒక టైల్‌ను మూల నుంచి మూలకు కోస్తే రెండు సగాలు, రెండూ పనికొస్తాయి.

### ఆ లెక్క పూర్తిగా వేసి చూపిస్తారా?

గళ్ల కాగితం మీద గది గీసి, సరిగ్గా మధ్యలో ఒక డైమండ్ పెట్టండి. అక్కడి నుంచి నాలుగు వైపులా నింపుకుంటూ పోండి. డైమండ్లు రెండు రకాల వరుసల్లో పడతాయి. ఒక రకం మధ్య డైమండ్‌తో ఒకే వరుసలో కొస కొస తగులుతూ ఉంటాయి. రెండో రకం వాటి సందుల్లో కూర్చుంటాయి.

మొదటి రకంలో పొడవునా అయిదు వరుసలు. ఒక్కో వరుసలో వెడల్పున మూడు నిండువి, రెండు పక్కలా కొస తెగినవి. అంటే నిండువి 15, కొస తెగినవి 10. కొస తెగిన ముక్క సగం కన్నా పెద్దది, దాదాపు టైల్‌లో మూడొంతులు. కాబట్టి ఒక్కోదానికి ఒక్కో టైల్ పోతుంది. మొత్తం 25.

రెండో రకంలో నిండుగా పడేవి నాలుగు వరుసల్లో నాలుగు చొప్పున 16. చివరి గోడల దగ్గర నాలుగేసి సగాలు, అంటే 8 సగాలకు 4 టైల్స్. మొత్తం 20.

పక్క గోడల వెంట, కొస తెగిన ముక్కల మధ్య సందుల్లో చిన్న త్రికోణాలు మిగులుతాయి. 12 సెంటీమీటర్ల లోతు ఉన్నవి ఎనిమిది, మూలల్లో వాటిలో సగం ఉన్నవి నాలుగు. వీటికి కొత్త టైల్ అక్కర్లేదు. మొదటి రకంలో కోసేసిన పది కొసలున్నాయి కదా, వాటి లోతు 30 సెంటీమీటర్లు. చిన్నవన్నీ వాటిలోంచే వస్తాయి. అందుకే కోసిన కొసలను బయట పారేయవద్దని మేస్త్రికి మొదటిరోజే చెప్పాలి. సాయంత్రం గది ఊడ్చే మనిషి వాటిని చెత్తతో పాటు ఎత్తేస్తే, ఆ చిన్న త్రికోణాల కోసం నిండు టైల్స్ కోస్తారు.

25, 20 కలిపితే 45. నేరుగా సమానంగా వేస్తే 56 పట్టిన గదికి ఐమూలగా 45 చాలాయి. ఐమూల అంటే ఎప్పుడూ ఎక్కువ పోతుందనే మాట ఈ గదిలో తప్పింది.

### మా హాలు 14 అడుగుల 6 అంగుళాలు. అప్పుడూ 45 చాలా?

చాలవు, 49 కావాలి. ఎందుకో చూస్తే ఈ లెక్క గుట్టంతా తెలుస్తుంది.

పరచాల్సిన పొడవు 441 అవుతుంది. డైమండ్ కొలతతో భాగిస్తే 5.18. చివరి గోడల దగ్గర సగం టైల్స్ ఉన్నచోట ఇప్పుడు సగం కన్నా కాస్త పెద్ద ముక్కలు కావాలి. సగం దాటగానే ఒక టైల్‌లోంచి రెండు రావు. ఎనిమిది ముక్కలకు ఎనిమిది టైల్స్, అంటే నాలుగు అదనం. నిజానికి ఆరు అంగుళాలు కూడా అక్కర్లేదు. 14 అడుగులకు ఒక అంగుళం ఎక్కువున్నా ఇదే జరుగుతుంది.

అదే 13 అడుగుల 6 అంగుళాలైతే? గది చిన్నదే అయినా లెక్క మళ్లీ 45 దగ్గరే ఆగుతుంది. చివరి ముక్కలు సగం కన్నా చిన్నవయ్యాయి, అయినా ఒక టైల్‌లోంచి మూడు రావు కదా. వైశాల్యం తగ్గినంత మాత్రాన టైల్స్ తగ్గవు.

నేరుగా వేసినా, ఐమూలగా వేసినా ముందు అడగాల్సింది ఒకటే: గోడ పక్కన పడే ముక్క సగం దాటిందా, లేదా? సగంలోపు ఉంటే టైల్‌కు రెండు. దాటితే ఒకటే.

### గది మూలలు మట్టానికి లేవు. లెక్క మారుతుందా?

మారుతుంది. ఐమూలలు కొలవండి. 14×12 గదికి ఒక మూల నుంచి ఎదుటి మూలకు 18 అడుగుల 5 అంగుళాల పైన ఒక పావు రావాలి. రెండు ఐమూలలూ ఒకేలా ఉంటే గది మూలమట్టంగా ఉన్నట్టు. తేడా ఉంటే ఒక వైపు ముక్కలు క్రమంగా పెరుగుతూ, ఎదుటి వైపు తరుగుతూ పోతాయి.

మన గదిలో చివరి ముక్కలు సరిగ్గా సగం దగ్గర ఉన్నాయి కాబట్టి ఈ వంకర వల్ల కొన్ని సగం దాటిపోతాయి. అందుకే కాగితం మీద 45 వచ్చినా నేను 49 రాసుకుంటాను. ఇది భయంతో కలిపిన సంఖ్య కాదు. ఎనిమిది సగాలకూ ఎనిమిది టైల్స్ పోతే ఎంతవుతుందో అంతే.

ఒక మేలు మాత్రం ఉంది. నేరుగా వేస్తే గోడ వంకర గీతల పక్కన స్పష్టంగా కనపడుతుంది. ఐమూలగా వేస్తే గోడకు సమాంతరంగా గీతే ఉండదు కాబట్టి కంటికి పెద్దగా ఆనదు. పాత ఇళ్లు, తర్వాత గదులు కలిపి కట్టినవి ఉంటే ఐమూలగా వేయమని నేను చెప్పేది ఇందుకే.

### కోతలో ఎన్ని విరుగుతాయి?

పని మేస్త్రిది, కానీ సామాను చాలా వరకు తేలుస్తుంది. 60 సెంటీమీటర్ల టైల్ ఐమూల 85 సెంటీమీటర్లు. చిన్న చేతి కట్టర్ మీద ఆ కోత పట్టదు. 90 సెంటీమీటర్లు లేదా అంతకన్నా పొడవైన కట్టర్ ఉండాలి. లేకపోతే మార్బుల్ కట్టింగ్ మిషన్‌తో కోస్తారు. దాంతో కోస్తే బ్లేడు మందం పోతుంది, అంచు పెచ్చులు లేస్తుంది, దుమ్ము ఇల్లంతా కమ్ముతుంది. నీళ్లు పోస్తూ కోయమనండి.

పని ఒప్పుకునేటప్పుడే, "అన్నా, పొడవు కట్టర్ ఉందా?" అని అడగండి. ఉంటే ఒక హాలుకు రెండు టైల్స్ విరుగుడు కింద వేసుకుంటే చాలు. మిషన్ కోత అయితే నాలుగు వేసుకోవాలి. పెట్టెలు దించినప్పుడు కూడా మూలలు చూసుకోండి. దెబ్బ తగిలిన టైల్‌ను పక్కన పెట్టి ముందుగా కోతకు వాడితే అది వృథా కాదు.

### స్కర్టింగ్‌కు ఎన్ని కలపాలి?

గది చుట్టుకొలత 52 అడుగులు. మూడున్నర అడుగుల తలుపు తీసేస్తే 48న్నర, అంటే 14.8 మీటర్లు. 60 సెంటీమీటర్ల పట్టీలైతే 25 కావాలి. నాలుగు అంగుళాల ఎత్తు పట్టీలు ఒక టైల్‌లోంచి అయిదు వస్తాయి. కాబట్టి 5 టైల్స్.

నేరుగా సమానంగా వేసిన లెక్కలో మాత్రం ఇవి విడిగా కొనక్కర్లేదు. గోడ ముక్కలు కోశాక 28 సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల పొడవున్న ముక్కలు 22 మిగిలాయి. ఒక్కోదాంట్లో రెండు స్కర్టింగ్ పట్టీలు వస్తాయి. మొత్తం 44, కావాల్సినవి 25. 56 అని విన్నప్పుడు గుండె గుభేలుమన్నా, అందులో అయిదు టైల్స్ ఇలా తిరిగి చేతికొస్తాయి.

ఐమూలలో మిగిలేవి త్రికోణాలు. వాటిలోంచి 60 సెంటీమీటర్ల పట్టీ రాదు. ఆ అయిదూ విడిగా కొనాల్సిందే. ఐమూలగా వేసేవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది ఇదే.

### చివరికి ఎన్ని పెట్టెలు రాయించుకోవాలి?

ఐమూలగా అయితే నేలకు 49, స్కర్టింగ్‌కు 5, విరుగుడుకు 2. మొత్తం 56. రేపు ఎప్పుడైనా గ్యాస్ బండ పడి పగిలితేనో, పైపు కోసం తవ్వాల్సి వస్తేనో మార్చుకోవడానికి ఒక పెట్టె. 60 టైల్స్, అంటే 15 పెట్టెలు.

నేరుగా సమానంగా అయితే నేలకు, స్కర్టింగ్‌కు కలిపి 56. విరుగుడుకు, దాచుకోవడానికి కలిపి 4. అదీ 15 పెట్టెలే. ఈ రెండింటిలో ఏ తీరులో వేసినా ఈ గదికి టైల్స్ ఖర్చు ఒకటే అయింది, కాబట్టి మీకు నచ్చింది వేసుకోండి. ఐమూల పనికి కూలి మాత్రం చదరపు అడుగుకు ఎక్కువ అడుగుతారు. కోత ఎక్కువ కాబట్టి అది న్యాయమే.

పట్టీ ఒక వైపుకు నెట్టే తీరులో 44, 5, 2, 4 కలిపితే 55. పెట్టెల్లో 14.

### బ్యాచ్ నంబరు అంత ముఖ్యమా?

చాలా ముఖ్యం. మన దగ్గరకు వచ్చే టైల్స్ ఎక్కువగా గుజరాత్‌లోని మోర్బి నుంచి లారీల్లో వస్తాయి. ఒక బట్టీలో ఒకసారి కాలినవాటికీ, మరోసారి కాలినవాటికీ రంగులో పిసరంత తేడా ఉంటుంది. కొలతలో కూడా ఒక మిల్లీమీటరు వరకు తేడా రావచ్చు. అప్పుడు గీతలు కలవవు. పెట్టె పక్కన బ్యాచ్, షేడ్ అని ముద్ర ఉంటుంది. లారీ దింపేటప్పుడే అన్ని పెట్టెల మీదా ఒకటే ఉందా చూడండి. తర్వాత కొని తెచ్చుకుందాం అనుకోకుండా ఒకేసారి తెచ్చుకోవడం ఇందుకే.

విప్పని పెట్టెలు వెనక్కి తీసుకుంటారా, ఎన్ని రోజుల్లోపు అని బిల్లు మీదే రాయించుకోండి. వెనక్కి తీసుకుంటారంటే ఒక పెట్టె ఎక్కువ తెచ్చుకోవడానికి వెనకాడక్కర్లేదు.

### 4×2 టైల్స్ ఐమూలగా వేయొచ్చా?

వేయొచ్చు, నేను మాత్రం వద్దంటాను. పొడవు టైల్‌ను అడ్డంగా ఎక్కడ కోసినా పెద్ద ముక్క మిగులుతుంది, అది ఎదుటి వైపు ఆకారానికి సరిపడదు. 12 అడుగుల గదిలో దానికి తగిన చోటు కూడా ఉండదు. నేరుగా వేసుకోండి.

### బాత్‌రూమ్‌లో 1×1 టైల్స్‌కూ ఇంత లెక్క కావాలా?

అక్కర్లేదు. టైల్ చిన్నదైతే తప్పిపోయే ముక్కా చిన్నదే. నేరుగా వేస్తే పది శాతం కలిపితే సరిపోతుంది. నీరు పోయే జాలీ చుట్టూ వాలు కోసం టైల్స్ ఐమూలగా కోస్తారు కాబట్టి నాలుగైదు ఎక్కువ వేసుకోండి.

### తాడిపత్రి, బేతంచెర్ల బండలు వేసుకుంటున్నాం. ఇదే లెక్కా?

గోడ పక్కన ముక్కల లెక్క ఇదే, సగం దాటిందా లేదా అన్న ప్రశ్నా ఇదే. తేడా రెండు చోట్ల ఉంది. మొదటిది, బండ నిజంగా ఎంత ఉందో టేపు పెట్టి చూడాలి. 2×2 అని చెప్పిన బండల్లో కూడా ఒకటి పెద్దది, ఒకటి చిన్నది ఉంటాయి. పది బండలు కొలిచి చిన్నదాని కొలతతో లెక్క వేయండి.

రెండోది, రాయి లోపలంతా ఒకే రాయి. కోసిన అంచును మళ్లీ నున్నగా రాసుకోవచ్చు, అందువల్ల ముక్కలు వాకిట్లోనో, పెరట్లో తొట్టి చుట్టూనో పనికొస్తాయి. పై పూత ఉన్న టైల్‌ను కోస్తే లోపలి మట్టి రంగు బయటపడుతుంది. అది స్కర్టింగ్ కింద దాగాల్సిందే. బండలు ఐమూలగా వేయాలంటే మాత్రం నాలుగు మూలలూ మట్టంగా ఉన్నవి ఏరుకోవాలి. ఆ ఏరుడులో పక్కకు పోయేవాటిని గోడ కోతలకు వాడుకోమనండి.

### మేస్త్రి చెప్పిన సంఖ్య, నా సంఖ్య కలవడం లేదు. ఎవరిది నమ్మాలి?

ఇద్దరూ నేల మీద చూసుకోండి. గది మధ్యలో దారం పట్టి, సిమెంటు లేకుండా వెడల్పున ఒక వరుస, పొడవున ఒక వరుస టైల్స్ ఉత్తినే పేర్చమనండి. ఒక పెట్టె నమూనాగా ముందు తెచ్చుకుంటే అవే జరుపుకుంటూ కొలవొచ్చు. గోడ దగ్గర ఎంత ఖాళీ మిగిలిందో అప్పుడు కంటికే కనపడుతుంది. ఐమూల అయితే డైమండ్లు కొస కొస తగిలేలా వరుసగా పెట్టాలి.

చాలాసార్లు తేడా వచ్చేది స్కర్టింగ్ దగ్గరే. మేస్త్రి దాన్ని కలిపి చెప్తాడు, మనం కలపం. లేకపోతే తలుపు గడప కింద భాగం. ద్వారబంధం మందమంత నేల, అంటే అయిదారు అంగుళాల వెడల్పు ముక్క, గది కొలతలో ఎక్కడా రాదు. ఆ ముక్క ఏ గది టైల్‌తో వేస్తారో అడిగి, దానికి ఒక టైల్ రాసుకోండి.